రాత్రి ఫొటోలోకి పగటి మనిషి

పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే స్టూడియోలకు ముహూర్తాల సీజన్ ముగిశాక ఒక రకం పని తరచూ వస్తుంటుంది. తెల్లవారుజాము పెళ్లి, పందిట్లో పసుపు బల్బుల వెలుతురు, ఇంటిల్లిపాదీ నిలబడి తీయించుకున్న గ్రూప్ ఫొటో. అందులో పెళ్లికూతురి అన్నయ్య మాత్రం లేడు. సెలవు దొరక్క డల్లాస్‌లోనే ఉండిపోయాడు. "మా వాణ్ని కూడా వాళ్ల బాబాయి పక్కన నిలబెట్టు బాబూ" అంటూ తల్లి ఫోన్‌లోంచి ఒక ఫొటో పంపుతుంది. పట్టపగలు, ఎండలో, ఏదో పార్కులో తీసిన ఫొటో అది.

ఎడిటర్ చేయి తిరిగినవాడే అయితే మనిషిని చక్కగా కత్తిరిస్తాడు. జుట్టు దగ్గర కూడా శ్రద్ధ తీసుకుంటాడు. ఎత్తు బాబాయికి సరిపోయేలా చూస్తాడు, ఒంటి రంగుకు పందిరి పసుపుదనం ఎక్కిస్తాడు, కాళ్ల దగ్గర నీడ గీస్తాడు. అంతా అయ్యాక చూసినవాళ్లు ఒక్క క్షణం ఆగి, "ఏదో తేడాగా ఉందండీ" అంటారు. ఏమిటా తేడా అని అడిగితే చెప్పలేరు. వెలుగు దిశ, రంగు, నీడ అన్నీ సరిగ్గానే ఉన్నాయి మరి.

తేడా రెండు చోట్ల ఉంటుంది. చుట్టూ ఉన్న పదిహేను మంది ముఖాల మీదా, చీరల మీదా, గోడ మీదా సన్నని చుక్కల పొర ఒకటి పరచుకుని ఉంది. ఫొటోగ్రాఫర్లు దాన్ని నాయిస్ అంటారు, గ్రెయిన్ అని కూడా అంటారు. కొత్తగా వచ్చిన అన్నయ్య మీద ఆ పొర లేదు. రెండోది పదును. మిగతావాళ్ల అంచులన్నీ కొద్దిగా మెత్తబడి ఉంటే అతని కాలర్ అంచు మాత్రం బ్లేడుతో కోసినట్టుంది. రంగు తప్పితే కన్ను పేరుపెట్టి చెప్పగలదు. ఈ రెండూ తప్పితే అనుమానపడుతుందే తప్ప కారణం పట్టుకోలేదు. అందుకే ఎడిటర్లు కూడా మళ్లీ మళ్లీ రంగునే సవరిస్తూ గంటలు గడిపేస్తుంటారు.

చీకట్లో తీసిన ఫొటోకు ఈ చుక్కలు ఎందుకొస్తాయో తెలిస్తే వాటిని ఎలా కలపాలో తెలుస్తుంది. వాన చినుకులు పడుతుండగా వాకిట్లో ఒకే రకం గిన్నెలు వరసగా పెట్టామనుకోండి. కుండపోత వానైతే పది నిమిషాల్లో అన్ని గిన్నెల్లోనూ నీళ్లు ఇంచుమించు ఒకే మట్టానికి వస్తాయి. నాలుగు చినుకులు పడి ఆగిపోతే ఒక గిన్నెలో ఏడు, పక్క గిన్నెలో మూడు, ఇంకోదానిలో ఒక్కటీ ఉండకపోవచ్చు. కెమెరా సెన్సర్ మీది పిక్సెళ్లకూ ఇదే జరుగుతుంది. అక్కడ పడేవి కాంతి రేణువులు, అంటే ఫోటాన్లు. సగటున 10,000 ఫోటాన్లు పడే చోట హెచ్చుతగ్గు సుమారు 100 ఉంటుంది, అంటే నూటికి ఒక వంతు. అది కంటికి ఆనదు. సగటున 100 మాత్రమే పడే చోట హెచ్చుతగ్గు 10. నూటికి పది వంతులన్నమాట. ఒకే రంగు గోడ మీద పక్కపక్క పిక్సెళ్లు ఒకటి వెలుగుగా, ఒకటి చీకటిగా కనిపించడానికి ఇది చాలు. ఐఎస్‌ఓ పెంచడం వల్లే నాయిస్ వస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం వెలుతురు తక్కువ కావడం. ఐఎస్‌ఓ ఆ బలహీనమైన సంకేతాన్ని పెంచి, దానితోపాటు అందులోని హెచ్చుతగ్గులను కూడా పెద్దవి చేసి చూపిస్తుంది. సెన్సర్‌లోని ఎలక్ట్రానిక్స్ కూడా తమ వంతు కొంత కలుపుతాయి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సెన్సర్ మీది ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది. కోడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన అమరికకు 1976లో పేటెంట్ వచ్చింది. నేటి కెమెరాల్లో అత్యధిక భాగం వాడేది దాన్నే. నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి. ప్రతి పిక్సెల్ దగ్గరా లేని రెండు రంగులను కెమెరా పక్కవాటిని చూసి ఊహించి పూరిస్తుంది. దాంతో ఒక పిక్సెల్‌లోని తప్పు పక్క పిక్సెళ్లకూ పాకుతుంది. అందుకే నిజమైన ఫొటోలోని గ్రెయిన్ ఇసుక రేణువులంత విడివిడిగా ఉండదు. రెండు మూడు పిక్సెళ్ల మేర కాస్త ముద్దగా, అక్కడక్కడా రంగు మరకలతో ఉంటుంది. పసుపు బల్బుల కింద తీసిన ఫొటోలో నీలం ఛానల్ పరిస్థితి మరీ కనాకష్టం. ఆ వెలుతురులో నీలం ఉండేదే తక్కువ. తెల్లని పంచె తెల్లగా కనపడాలని కెమెరా నీలాన్ని ఎక్కువ రెట్లు పెంచుతుంది, దానితో నీలంలోని చుక్కలూ పెరుగుతాయి.

ఇప్పుడు పార్కులోని అన్నయ్య దగ్గరికి వద్దాం. పందిట్లో ఫొటో 24 మెగాపిక్సెళ్లది, ఐఎస్‌ఓ 6400తో తీసినది అనుకుందాం. అందులో బాబాయి ముఖం గడ్డం నుంచి నడినెత్తి దాకా 300 పిక్సెళ్ల ఎత్తుంది. ఫోన్ ఫొటోలో అన్నయ్య ముఖం 900 పిక్సెళ్లు. బాబాయి పక్కన నిలబెట్టాలంటే అతన్ని మూడో వంతుకు తగ్గించాలి. ఎండలో తీసిన ఫొటో కాబట్టి నాయిస్ ముందే తక్కువ. మూడో వంతుకు తగ్గించినప్పుడు తొమ్మిది పిక్సెళ్లు సగటుగా ఒక్క పిక్సెల్ అవుతాయి, ఉన్న కొద్దిపాటి నాయిస్ కూడా ఇంచుమించు మూడో వంతుకు పడిపోతుంది. అదే సమయంలో అంచులు దగ్గరకు వచ్చి పదును పెరుగుతుంది. తగ్గించే పద్ధతుల్లో కొన్ని, ఉదాహరణకు ఫొటోషాప్‌లోని Bicubic Sharper, ఆ పదునుకు ఇంకొంచెం సాన పెడతాయి. ఎడిటర్ ఏ తప్పూ చేయకుండానే, సైజు సరిచేసినందుకే అన్నయ్య మరింత నున్నగా, మరింత పదునుగా తయారవుతాడు.

దీన్ని సరిచేయడంలో అన్నిటికన్నా ముఖ్యమైనది వరస. పందిట్లో ఉన్నవాళ్లు ఫొటోగా మారిన దారి ఒకటుంది. వాళ్ల మీద నుంచి వచ్చిన కాంతి ముందు లెన్స్ గుండా వెళ్లింది, అక్కడే ఫోకస్ తప్పినంత మేర, చెయ్యి కదిలినంత మేర మెత్తబడింది. ఆ తర్వాత సెన్సర్‌ను తాకింది, అప్పుడు చుక్కలు చేరాయి. అంటే మెత్తదనం ముందు, గ్రెయిన్ తర్వాత. కొత్త మనిషిని కూడా అదే దారిలో నడిపించాలి. ముందు సైజు, తర్వాత రంగూ వెలుగూ, ఆ తర్వాత మెత్తదనం, అన్నిటికన్నా చివర గ్రెయిన్. గ్రెయిన్ వేశాక మళ్లీ మనిషిని మెత్తబరిస్తే చుక్కలన్నీ చెరిగిపోయి మరకలవుతాయి. గ్రెయిన్ వేశాక వెలుగు పెంచితే చుక్కలూ దానితోపాటు పెరుగుతాయి. ఫోకస్ పూర్తిగా తప్పిన వెనక గోడను దగ్గరగా చూస్తే ఈ వరసకు సాక్ష్యం దొరుకుతుంది. గోడ మీది ముగ్గు గీతలు అలుక్కుపోయి ఉంటాయి గానీ వాటి మీది చుక్కలు ముందు వరసలోని ముఖాల మీద ఉన్నంత స్పష్టంగానే ఉంటాయి.

పదును ఎంత తగ్గించాలో కంటి అంచనాకు వదిలేయనక్కర్లేదు, లెక్కపెట్టవచ్చు. కెమెరాకు అన్నయ్య ఎంత దూరంలో నిలబడి ఉండేవాడో అంతే దూరంలో ఉన్న అంచునే చూడాలి. ఇక్కడ బాబాయి తెల్ల చొక్కా కాలర్, దాని వెనక ముదురు రంగు తెర. 400 శాతం జూమ్ చేసి తెలుపు పూర్తిగా ముదురు రంగులోకి దిగడానికి ఎన్ని పిక్సెళ్లు పడుతోందో చూస్తే, అయిదు అనుకుందాం. అన్నయ్య కాలర్ దగ్గర అదే మార్పు రెండు పిక్సెళ్లలో అయిపోతోంది. అయిదులోంచి రెండు తీసేసి మూడు పిక్సెళ్ల మెత్తదనం చాలనుకుంటే పొరపాటు. మెత్తదనాలు మామూలుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి. 25లోంచి 4 తీస్తే 21, దాని వర్గమూలం దాదాపు 4.6. Gaussian Blur ఫిల్టర్‌లో Radius అని అడిగే అంకె ఈ వెడల్పులో రెండున్నరో వంతుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి 1.8 దగ్గర మొదలుపెట్టవచ్చు. అక్కడి నుంచి పక్కవాడి కాలర్‌నూ ఇతని కాలర్‌నూ మార్చి మార్చి చూస్తూ కొద్దిగా అటూ ఇటూ జరపాలి.

మెత్తబరిచేటప్పుడు ఎక్కువమంది మరిచిపోయేది మాస్క్. మనిషి మెత్తబడి, అతన్ని కత్తిరించిన గీత మాత్రం అంతే పదునుగా మిగిలితే, ముఖమంతా మంచులో ఉన్నట్టూ చుట్టూ గీత మాత్రం కత్తెరదైనట్టూ ఉంటుంది. మాస్క్‌కు కూడా అదే 1.8 ఇవ్వాలి. ఇచ్చే ముందు దాన్ని ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి లాగాలి, లేకపోతే పార్కులోని ఆకుపచ్చ, ఆకాశపు నీలం సన్నని అంచుగా పందిట్లోకి వచ్చేస్తాయి.

అన్ని మెత్తదనాలూ ఒక రకం కావు. చీకట్లో షట్టర్ 1/30 సెకను లాంటి నెమ్మది వేగంలో తెరుచుకుంటుంది, ఫొటోగ్రాఫర్ చెయ్యి ఆ కాస్త సమయంలో కదిలితే ఫొటో అంతా ఒకే దిక్కుకు సాగుతుంది. దాన్ని కనిపెట్టడానికి పందిరి మీది సీరియల్ బల్బులే ఆధారం. చిన్న బల్బు గుండ్రంగా కాక చిన్న గీతలా కనిపిస్తే, ఆ గీత పొడవూ వాలూ కదలిక లెక్క చెప్పేస్తాయి. అన్ని బల్బులూ ఒకే వాలులో నాలుగు పిక్సెళ్లు సాగి ఉంటే అన్నయ్యకు Motion Blur ఫిల్టర్‌లో అదే కోణం, అదే దూరం ఇవ్వాలి. అతను ఒక్కడే నిశ్చలంగా ఉండి ఊరంతా కదలకూడదు కదా.

ఫోన్ ఫొటోలతో ఇంకో బెడద. చాలా ఫోన్లు పదును కోసం అంచుల వెంట సన్నని తెల్ల గీతను వాటంతటవే చేరుస్తాయి. నల్ల జుట్టుకూ ఆకాశానికీ మధ్య అది బాగా తెలుస్తుంది. ఆ గీతను ఎంత మెత్తబరిచినా పోదు, వెడల్పై పలుచని కాంతివలయంగా మిగులుతుంది. పైగా వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినది కుదించిన కాపీ, చర్మం మీది సూక్ష్మ వివరాలు అప్పటికే ఎగిరిపోయి ఉంటాయి. కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఆ తల్లికి చెప్పాల్సిన మాట ఒకటుంది. "అమ్మా, అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమనండి. ఇంట్లో లైటు కింద తీసినదేమైనా ఉంటే అదీ పంపమనండి." లైటు కింద తీసిన నాసిరకం ఫొటో, ఎండలో తీసిన అందమైన ఫొటో కన్నా తేలిగ్గా కలిసిపోయే సందర్భాలే ఎక్కువ.

ఇక గ్రెయిన్. దీన్నీ కొలవవచ్చు. ఫొటోషాప్‌లో Window > Histogram తెరిచి, దాని మూల మెనూలో Expanded View ఎంచుకుంటే కింద Mean, Std Dev అనే అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఎంచుకున్న భాగపు సగటు వెలుగు, సున్నా నుంచి 255 దాకా. రెండోది పిక్సెళ్లు ఆ సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెబుతుంది. మడతలూ డిజైనూ లేని ఒక చిన్న చదరాన్ని, ఒక వైపు 60 పిక్సెళ్లు ఉండేలా, గోడ మీదో పంచె మీదో ఎంచుకుంటే ఆ చెదురు దాదాపు అంతా నాయిసే. మడత ఉన్న గుడ్డను ఎంచుకుంటే వెలుగునీడల తేడా కూడా అందులో కలిసి అంకె అబద్ధం చెబుతుంది. ప్యానెల్ మూలన చిన్న హెచ్చరిక త్రికోణం కనిపిస్తే దాన్ని నొక్కాలి, లేకపోతే పాత అంకెలే చూస్తూ కూర్చుంటాం. గింప్ వాడేవాళ్లకు అందులోని హిస్టోగ్రామ్ విండోలోనూ ఇవే అంకెలు ఉంటాయి.

కొలత ఎక్కడ తీసుకోవాలన్నది అంతకన్నా ముఖ్యం. ఒకే ఫొటోలో గ్రెయిన్ అంతటా ఒకేలా ఉండదు. లెన్స్ వల్ల చీకటిపడిన మూలలను కెమెరా వెలుగు పెంచి సరిచేస్తే మూలల్లో చుక్కలు ఎక్కువవుతాయి. గ్రూప్ ఫొటోనే ఫోన్ నైట్ మోడ్‌లో తీస్తే ఇంకో చిత్రం. అది వరుసగా చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు చేస్తుంది. కదలకుండా నిలబడిన తాతగారు నున్నగా వస్తారు, ఆయన పక్కన గెంతుతున్న మనవడికి సగటు కుదరదు కాబట్టి వాడు చుక్కలతో వస్తాడు. కనుక కొత్త మనిషి నిలబడబోయే చోటుకు ఆనుకుని ఉన్న భాగాలనే కొలవాలి.

మన ఉదాహరణలో ఇలా వచ్చిందనుకుందాం. బాబాయి వెనక ముదురు తెర మీద Mean 60, Std Dev 9. ఒక మోస్తరు వెలుగున్న గోడ మీద Mean 130, Std Dev 7. తెల్లని పంచె మీద Mean 220, Std Dev 3. వెలుగు పెరిగేకొద్దీ చుక్కలు తగ్గుతున్నాయి. తగ్గించి, మెత్తబరిచిన అన్నయ్య చొక్కా మీద Std Dev ఒకటి కూడా లేదు, కాబట్టి అతనికి సొంత గ్రెయిన్ లేనట్టే లెక్క. ఉండి ఉంటే ఇక్కడా వర్గాల తీసివేతే చేయాల్సి వచ్చేది.

అన్నయ్య లేయర్ పైన 50 శాతం బూడిదరంగుతో నింపిన కొత్త లేయర్ పెట్టి, అది అతని ఆకారానికే పరిమితమయ్యేలా క్లిప్ చేసి, బ్లెండ్ మోడ్ Linear Light చేస్తే చిత్రంలో ఏ మార్పూ కనపడదు. ఇప్పుడు ఆ బూడిద లేయర్ మీద Filter > Noise > Add Noise, అందులో Gaussian. చుక్కలు వస్తాయి, కానీ ప్రతి పిక్సెల్ పక్కదానితో సంబంధం లేకుండా, ఇసుక చల్లినట్టు గరగరలాడుతూ వస్తాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొత్త మనిషి నున్నగా కాక గరుకుగా కనిపించడం మొదలవుతుంది, తేడా మాత్రం అలాగే ఉంటుంది. పందిరి ఫొటోలోని ముద్దదనం రావాలంటే ఆ బూడిద లేయర్‌ను మాత్రమే Gaussian Blur 0.6తో కాస్త మెత్తబరచాలి. అలా చేస్తే చుక్కల బలం ఇంచుమించు సగానికి పడిపోతుంది. 9 కావాలంటే ముందు 18 దాకా ఉండాలన్నమాట. Add Noise ఫిల్టర్‌లో కనిపించే శాతాన్ని పట్టించుకోవడం కన్నా కాస్త ఎక్కువే వేసి, లేయర్ ఒపాసిటీని తగ్గిస్తూ ప్యానెల్‌లో Std Dev సరైన అంకెకు వచ్చాక ఆగడం తేలిక. అంకెలు రెండూ కలిసినా 400 శాతం జూమ్‌లో చుక్కల పరిమాణం కలవకపోతే బ్లర్ అంకె మార్చి మళ్లీ కొలవాలి.

Linear Light చీకట్లోనూ వెలుగులోనూ చుక్కలను సమానంగా వేస్తుంది. మన కొలతల ప్రకారం అన్నయ్య నల్ల ప్యాంటుకు 9 కావాలి, తెల్ల చొక్కాకు 3 చాలు. లేయర్ స్టైల్‌లోని Blend If దగ్గర Underlying Layer తెల్ల త్రికోణాన్ని ఆల్ట్ నొక్కి రెండుగా చీల్చి, ఎడమ సగాన్ని లోపలికి జరిపితే వెలుగున్న భాగాల్లో గ్రెయిన్ క్రమంగా తగ్గుతుంది. చాలా పాఠాల్లో Linear Light బదులు Overlay వాడమంటారు. అది పూర్తి తెలుపునూ పూర్తి నలుపునూ ముట్టుకోదు, అందుకని సురక్షితంగా కనిపిస్తుంది. కానీ నడిమి వెలుగులో అన్నిటికన్నా ఎక్కువగా, చీకట్లోకి వెళ్లేకొద్దీ తక్కువగా చుక్కలు వేస్తుంది. రాత్రి ఫొటోకు కావాల్సింది దానికి దాదాపు తిరగబడిన పద్ధతి. Overlay వాడితే నల్ల ప్యాంటు నున్నగా మిగిలిపోతుంది, ఎవరి కన్నైనా ముందు పడేది దాని మీదే.

రంగు సంగతి కూడా చూడాలి. Add Noise పెట్టెలో Monochromatic టిక్ పెడితే అన్ని ఛానళ్లలోనూ ఒకే చుక్క పడుతుంది. ఫిల్మ్ మీద తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫొటోకు అది సరిపోతుంది. పసుపు బల్బుల ఫొటోకు సరిపోదు. ఛానళ్లు విడివిడిగా చూస్తే ఆకుపచ్చలో Std Dev 7 ఉన్న చోటే నీలంలో 14 ఉండవచ్చు. అప్పుడు టిక్ తీసేసి వేసి, ఆ తర్వాత Channels ప్యానెల్‌లో నీలాన్ని మాత్రమే ఎంచుకుని బూడిద లేయర్ మీద ఇంకొంత నాయిస్ వేయాలి. గింప్‌లోని RGB Noise ఫిల్టర్‌లో మూడు రంగులకూ వేర్వేరు స్లైడర్లే ఉన్నాయి, ఈ పని అక్కడ ఇంకా సులువు. రంగు మరకలు సాధారణంగా వెలుగు చుక్కల కన్నా పెద్దవిగా ఉంటాయి కాబట్టి వాటికోసం రెండు పిక్సెళ్లు మెత్తబరిచిన మరో పలుచని లేయర్ వేస్తే పందిరి ఫొటోకు ఇంకా దగ్గరవుతుంది.

మనిషి కలిసిపోయాక కూడా అతని చుట్టుపక్కల దొంగ దొరికిపోయే చోట్లు మిగులుతాయి. పాత తాలూకు ఏ వస్తువునైనా మెత్తని బ్రష్‌తో క్లోన్ చేసి కప్పేస్తే, పాత గోడా కొత్త గోడా సగం సగం కలిసిన అంచు దగ్గర గ్రెయిన్ బలం 0.7 వంతుకు పడిపోతుంది. అక్కడ సన్నని నున్నని పట్టీ ఒకటి తయారవుతుంది. కాళ్ల దగ్గర నీడను ముదురు రంగు పూసి గీస్తే ఆ మేర చుక్కలే ఉండవు. ఇలాంటి చోట్లన్నిటికీ అదే గ్రెయిన్ లేయర్‌ను మాస్క్‌తో కొద్దికొద్దిగా విస్తరించాలి.

సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఫొటోను మామూలుగా చూస్తే చాలదు. 66 శాతం లాంటి జూమ్‌లో స్క్రీనే పిక్సెళ్లను కలిపేసి అబద్ధం చెబుతుంది, 100 శాతంలోనే చూడాలి. అన్నిటికన్నా పైన ఒక తాత్కాలిక Curves లేయర్ వేసి చీకటి భాగాలను బాగా పైకి లేపితే, కలిసిపోయినట్టు కనిపించినవన్నీ బయటపడతాయి. నల్ల ప్యాంటు బూడిద పలకలా తేలితే గ్రెయిన్ చాలలేదని, చుట్టుపక్కల కన్నా బుడబుడలాడితే ఎక్కువైందని అర్థం. ఆ తర్వాత నీలం ఛానల్ ఒక్కదాన్నే పెట్టి చూడాలి. అక్కడ నిలబడితే ఇంకెక్కడైనా నిలబడుతుంది. వాట్సాప్‌లో పంపి ఇంట్లోవాళ్ల చేత బాగుందనిపించుకోవడం పరీక్ష కాదు. కుదించిన ఆ బొమ్మలో గ్రెయిన్ చాలావరకు చెరిగిపోతుంది, అదే ఫొటో 12×18 అంగుళాల ప్రింటుగా వచ్చినప్పుడు అసలు రంగు తెలుస్తుంది. ప్రింటు సైజుకు పెంచే, తగ్గించే పనేదైనా ఉంటే గ్రెయిన్ వేయకముందే ముగించుకోవాలి.

కొన్నిసార్లు ఎంత చేసినా కుదరదు. ముఖ్యంగా గ్రూప్ ఫొటోనే ఫోన్‌తో తీసి, ఫోన్ దాని నాయిస్‌ను తుడిచేసి ఉంటే. అప్పుడు చుక్కలకు బదులు నీటిరంగుల బొమ్మలాంటి అలుకుడు మిగులుతుంది, చర్మం మీద ఆకారం లేని మచ్చలుంటాయి. దాన్ని అనుకరించే ఫిల్టర్ ఏదీ నమ్మకంగా పనిచేయదు. అలాంటప్పుడు తలకిందుల దారి మేలు. గ్రూప్ ఫొటోకు కొద్దిగా నాయిస్ తగ్గింపు చేసి, అన్నయ్యను నిలబెట్టి, చిట్టచివర అందరి మీదా ఒకే కొత్త గ్రెయిన్ పొర వేయడం. ఫొటోషాప్‌లో Camera Raw Filter లోని Grain స్లైడర్లు దీనికి పనికొస్తాయి. ఇందులో నష్టం లేకపోలేదు. ఒక్కడి కోసం పదిహేను మంది ముఖాల మీది సన్నని వివరాలు కొంత పోతాయి. తగ్గింపును ఎంత తక్కువతో సరిపెడితే అంత మంచిది.

సినిమావాళ్లకు ఈ బాధ పాతదే. డిజిటల్ రాకముందు ఒక దృశ్యంలో మరొకటి కలపాలంటే ఆప్టికల్ ప్రింటర్ మీద ఫిల్మ్‌ను మళ్లీ మళ్లీ కాపీ తీయాలి, ప్రతి కాపీలోనూ గ్రెయిన్ పెరుగుతుంది. 1977 నాటి స్టార్ వార్స్ సినిమాకు ట్రిక్ దృశ్యాలు చేసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ బృందం వాటిని మామూలు 35 ఎంఎం ఫ్రేములో కాక, రెట్టింపు కన్నా పెద్ద నెగటివ్ ఇచ్చే విస్టావిజన్‌లో తీసింది. కాపీల్లో గ్రెయిన్ పెరిగినా పక్క షాట్లకు దగ్గరగానే ఉండాలన్నది వాళ్ల ఎత్తుగడ. ఇప్పటి విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోల్లో తీసిన దృశ్యం నుంచి గ్రెయిన్ తొలగించి, బొమ్మలు కలిపి, చివర మళ్లీ గ్రెయిన్ వేయడం రోజువారీ పని. 2018లో వచ్చిన ఏవీ1 వీడియో పద్ధతి కూడా ఇలాంటిదే చేయగలదు. పంపేవైపు గ్రెయిన్ తీసేసి దాని కొలతలను మాత్రం పంపిస్తే, చూసేవైపు పరికరం కొత్త గ్రెయిన్ తయారుచేసి వేస్తుంది. ఆ కొలతల్లో ఏ వెలుగు దగ్గర ఎంత గ్రెయిన్ ఉండాలన్న పట్టిక కూడా ఉంటుంది.

కన్ను ఒప్పుకున్నంత మాత్రాన ఫొటో అన్ని పరీక్షలూ దాటినట్టు కాదు. ప్రతి సెన్సర్‌లోనూ పిక్సెళ్లు కాంతికి స్పందించడంలో అతి స్వల్పమైన, మారని తేడాలుంటాయి. ఆ కెమెరాతో తీసిన ప్రతి ఫొటోలోనూ వాటి ముద్ర పడుతుంది. దాని ద్వారా ఫొటో ఏ కెమెరాదో గుర్తించే పద్ధతిని యాన్ లూకాష్, జెస్సికా ఫ్రిడ్రిచ్, మిరోస్లావ్ గోల్యాన్ 2006లో ప్రచురించారు. ఆ పద్ధతి తెలిసిన పరీక్షకుల చేతికి ఈ పెళ్లి ఫొటో వెళితే, బాబాయి దాకా ఫొటోగ్రాఫర్ కెమెరా ముద్ర కనిపిస్తుంది, అన్నయ్య ఆకారం మేర కనిపించదు. Add Noise వేసే చుక్కలు ఎంత కొలిచి వేసినా ఆ ముద్రను తేలేవు.